నెట్ ఎక్కడ తడబడుతోంది? పింగ్, ట్రేస్‌రూట్‌లతో కనిపెట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఇళ్లకు, చిన్న ఆఫీసులకు నెట్‌వర్క్ పనులు చూస్తుంటాను. చిత్తూరు, శ్రీకాళహస్తి వైపు నుంచి కూడా ఫోన్లు వస్తుంటాయి. అందరూ అడిగేది దాదాపు ఒకటే: "అన్నా, నెట్ ఉంది, కానీ సరిగ్గా లేదు. తప్పు మా ఇంట్లోనా, కేబుల్ వాళ్ల దగ్గరా, ఇంకా అవతలా?" అది తేల్చుకోవడానికి కావాల్సిన రెండు కమాండ్లు ప్రతి కంప్యూటర్‌లోనూ ఉన్నాయి, లేదంటే ఒక్క నిమిషంలో వచ్చి చేరతాయి. వాటిని నడపడం తేలికే, వచ్చిన ఫలితాన్ని చదవడంలోనే ఎక్కువమంది పొరబడుతున్నారు. అందుకే ఇక్కడ చదవడం గురించే ఎక్కువ చెప్పాను.

స్పీడ్ టెస్ట్‌లో 100 ఎంబీపీఎస్ చూపిస్తోంది. అయినా మీటింగ్‌లో మాట తెగిపోతోంది. ఎలా?

స్పీడ్ టెస్ట్ కొలిచేది సెకనుకు ఎంత డేటా వస్తోందన్నది. అది ఒకేసారి చాలా కనెక్షన్లు తెరుస్తుంది. మధ్యలో కొన్ని ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, పోయినా మళ్లీ తెప్పించుకుంటుంది. పైగా సాధారణంగా మీకు దగ్గరలో ఉన్న సర్వర్‌నే ఎంచుకుంటుంది. కొన్నిసార్లు ఆ సర్వర్ మీ ప్రొవైడర్ నెట్‌వర్క్ లోపలే ఉంటుంది. అలాంటప్పుడు ప్రొవైడర్ దాటి బయటికి వెళ్లే దారి ఆ టెస్ట్‌లోకి రానే రాదు.

మాట సంగతి వేరు. కాల్‌లో మీ గొంతు చిన్నచిన్న ప్యాకెట్లుగా, మామూలుగా 20 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున బయల్దేరుతుంది. ఒక ప్యాకెట్ పోతే మళ్లీ తెప్పించుకునేంత టైమ్ ఉండదు. ఆలస్యంగా వచ్చినా అది పోయినట్టే లెక్క. కాబట్టి ఇక్కడ చూడాల్సింది స్పీడ్ కాదు. ప్యాకెట్ వెళ్లి రావడానికి ఎంత సేపు పడుతోంది, ఆ సమయం ఎంత హెచ్చుతగ్గులవుతోంది, వందలో ఎన్ని పోతున్నాయి అనే మూడు సంగతులు చూడాలి.

పింగ్ ఏం చెబుతుంది?

మీరు ఇచ్చిన అడ్రస్‌కు ఒక చిన్న ప్యాకెట్ పంపి, దానికి బదులు వచ్చేదాకా పట్టిన సమయాన్ని చూపిస్తుంది. బదులు రాకపోతే ఆ ప్యాకెట్ పోయినట్టు లెక్కేస్తుంది. 1983లో అమెరికా సైన్యానికి చెందిన ఒక పరిశోధన కేంద్రంలో మైక్ మూస్ అనే ఇంజనీరు దీన్ని రాశారు. తమ నెట్‌వర్క్‌లో ప్యాకెట్లు ఎందుకు సరిగ్గా వెళ్లడం లేదో తెలుసుకోవడానికే ఆయన ఆ పని పెట్టుకున్నారు. ఇవాళ మనం వాడుతున్నదీ అందుకే.

విండోస్‌లో ఒక ఇబ్బంది ఉంది. మామూలుగా `ping` కొడితే నాలుగే ప్యాకెట్లు పంపి ఆగిపోతుంది. నాలుగింటితో లాస్ గురించి, అంటే వందలో ఎన్ని ప్యాకెట్లు పోతున్నాయన్నదాని గురించి, ఏమీ తేల్చలేం. దారిలో నిజంగా 2% లాస్ ఉందనుకోండి. నాలుగు ప్యాకెట్లూ క్షేమంగా వెళ్లి వచ్చే అవకాశం 92%. అంటే పదిసార్లు చూస్తే తొమ్మిదిసార్లు "లాస్ సున్నా" అనే కనిపిస్తుంది, అదృష్టం బాగాలేక ఒకటి పోయిందా 25% అని భయపెడుతుంది. ఈ రెండూ అబద్ధాలే. కనీసం మూడు వందలు పంపండి:

```
ping -n 300 8.8.8.8
```

8.8.8.8 అనేది గూగుల్ సర్వర్ అడ్రస్. లినక్స్, మ్యాక్‌లో `-n` బదులు `-c` అని ఇవ్వాలి. సెకనుకు ఒకటి చొప్పున ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలూ సమస్య ఉన్న వేళలోనే ఉండాలి. రాత్రి తొమ్మిదికి నెట్ మొరాయిస్తుంటే మధ్యాహ్నం కొలిచి ప్రయోజనం లేదు.

పింగ్ చెప్పనిది ఒకటుంది. దారిలో ఏదో తేడా ఉందని చెబుతుంది గానీ ఎక్కడన్నది చెప్పదు.

మరి ట్రేస్‌రూట్‌కు మధ్యలో ఉన్న రౌటర్ల సంగతి ఎలా తెలుస్తుంది?

ఇంటర్నెట్‌లో వెళ్లే ప్రతి ప్యాకెట్ మీదా టీటీఎల్ అనే అంకె ఒకటి ఉంటుంది. ప్యాకెట్ ఒక్కో రౌటర్ దాటినప్పుడల్లా అది ఒకటి తగ్గుతుంది. సున్నాకు చేరితే ఆ రౌటర్ ప్యాకెట్‌ను పారేసి, పంపినవాళ్లకు "మీ ప్యాకెట్ గడువు నా దగ్గర తీరిపోయింది" అని కబురు పంపుతుంది. దారి తప్పిన ప్యాకెట్లు ఎప్పటికీ తిరుగుతూ ఉండిపోకుండా పెట్టుకున్న ఏర్పాటు ఇది. 1980ల చివర్లో వాన్ జాకబ్సన్ ఈ ఏర్పాటునే దారి చూపించే పనికి వాడుకున్నారు. టీటీఎల్ 1తో పంపితే మొదటి రౌటర్ కబురు పంపుతుంది, 2తో పంపితే రెండోది. అలా ఒక్కో మెట్టూ పెంచుకుంటూ గమ్యం దాకా వెళ్లడమే ట్రేస్‌రూట్. ఒక్కో మెట్టును హాప్ అంటారు.

విండోస్‌లో కమాండ్ పేరు `tracert`, మిగతావాటిలో `traceroute`. పేర్ల కోసం వెతికి ఆలస్యం చేయకుండా విండోస్‌లో `-d`, మిగతావాటిలో `-n` చేర్చండి.

ఇందులో రెండు సంగతులు గుర్తుపెట్టుకుంటే తర్వాత చెప్పేదంతా సులువుగా అర్థమవుతుంది. మొదటిది, ఒక హాప్ ఎదురుగా కనిపించే సమయం ఆ ఒక్క రౌటర్ తీసుకున్నది కాదు. మీ ఇంటి నుంచి అక్కడికి వెళ్లి, మళ్లీ మీ ఇంటికి రావడానికి పట్టిన మొత్తం సమయం. రెండోది, ఆ కబురు పంపడం రౌటర్‌కు అసలు పని కాదు. దాని అసలు పని ప్యాకెట్లను ముందుకు పంపడం.

పరీక్ష ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంట్లోనే. మీ వైఫై రౌటర్‌కు పింగ్ చేయండి. దాని అడ్రస్ చాలా ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1 అయి ఉంటుంది. విండోస్‌లో `ipconfig` కొడితే `Default Gateway` అన్న చోట కనిపిస్తుంది.

ల్యాన్ కేబుల్ మీద ఈ పింగ్ ఒక మిల్లీసెకను లోపు ఉండాలి, ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదు. వైఫై మీద రెండు నుంచి ఐదు దాకా ఉన్నా పర్వాలేదు. మధ్యమధ్యలో 80, 150, 300 అని ఎగురుతుంటే, లేదా రెండు మూడు శాతం పోతుంటే సమస్య వైఫైలోనే ఉంది. అప్పుడు ఆ తర్వాతి హాప్‌లన్నీ కూడా చెడ్డగానే కనిపిస్తాయి, ఎందుకంటే ప్రతి ప్యాకెట్టూ ముందు ఆ వైఫై దాటాల్సిందే. అపార్ట్‌మెంట్లలో 2.4 గిగాహెర్ట్జ్ మీద చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లన్నీ ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌కు మారితే చాలామందికి ఇక్కడితోనే పని అయిపోతుంది.

నన్నడిగితే, ల్యాన్ కేబుల్ పెట్టి చూడకుండా ప్రొవైడర్‌కు ఫోన్ చేయకండి. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే, అలా అడగడంలో న్యాయం కూడా ఉంది.

ట్రేస్‌రూట్‌లో నాలుగో హాప్ 70% లాస్ చూపిస్తోంది. తప్పు అక్కడే కదా?

కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కేబుల్ ఆఫీసుకు స్క్రీన్‌షాట్ పంపి గొడవపడేదీ దీన్ని చూసే.

పెద్ద రౌటర్లో రెండు భాగాలుంటాయి. ఒకటి ప్యాకెట్లను అటు నుంచి ఇటు పంపేది. ఆ పని దానికోసమే చేసిన చిప్‌లు చేస్తాయి, సెకనుకు కోట్ల ప్యాకెట్లు దాటిస్తాయి. రెండోది ఒక మామూలు ప్రాసెసర్. దారులు లెక్కగట్టడం, పక్క రౌటర్లతో మాట్లాడడం దాని పని. టీటీఎల్ తీరిన ప్యాకెట్‌కు కబురు పంపే బాధ్యత సాధారణంగా ఈ రెండో భాగం మీదే పడుతుంది. ఆ ప్రాసెసర్ మీద భారం పడకుండా, సెకనుకు ఇన్నికి మించి బదులివ్వొద్దని ఇంజనీర్లు పరిమితి పెడతారు. మీరు, ఊళ్లో ఇంకో నలుగురు ఒకేసారి ట్రేస్‌రూట్ చేస్తుంటే పరిమితి దాటిన ప్రశ్నలకు బదులు రాదు. మీ స్క్రీన్ మీద అది లాస్‌గా కనిపిస్తుంది. ఆ సమయంలోనే మీ అసలు ట్రాఫిక్ ఆ రౌటర్ గుండా నిక్షేపంగా వెళ్లిపోతూ ఉంటుంది.

తేల్చుకునే పద్ధతి ఒక్కటే: ఆ హాప్ తర్వాతివి చూడండి. నాలుగో హాప్‌లో నిజంగా వందకు డెబ్భై ప్యాకెట్లు పోతుంటే, ఐదో హాప్‌కు వెళ్లాల్సినవి కూడా నాలుగో దాని గుండానే వెళ్లాలి కాబట్టి అవీ పోవాలి. ఐదు, ఆరు, చివరి గమ్యం శుభ్రంగా ఉంటే నాలుగోది బదులివ్వడంలో బద్ధకిస్తోందంతే. నిజమైన లాస్ ఒక హాప్‌లో మొదలై గమ్యం దాకా కొనసాగుతుంది. ఆలస్యానికీ ఇదే వర్తిస్తుంది. మధ్యలో ఒక్క హాప్ 180 మి.సె. చూపించి తర్వాతిది 30 చూపిస్తే, ఆ 180 గురించి దిగులు పడనక్కర్లేదు.

అందుకే ట్రేస్‌రూట్‌ను ఎప్పుడూ కింది వరుస నుంచి చదవడం మొదలుపెట్టాలి. చివరి హాప్ బాగుంటే పైన ఎన్ని వంకర్లున్నా ఫిర్యాదుకు ఆధారం లేదు. చివరిది బాగాలేకపోతే ఒక్కో వరుసా పైకి వెళ్తూ, ఆ చెడు ఏ హాప్‌లో మొదలైందో చూడాలి.

`* * *` లేదా `Request timed out` అని వస్తే?

ఆ రౌటర్ కబురు పంపడమే మానేసిందని అర్థం. దాని కింద మళ్లీ హాప్‌లు కనిపిస్తుంటే పట్టించుకోకండి. చివరి దాకా చుక్కలే వస్తూ, ఆ వెబ్‌సైట్ మాత్రం బ్రౌజర్‌లో తెరుచుకుంటుంటే గమ్యం దగ్గర ఫైర్‌వాల్ ఈ తరహా ప్యాకెట్లను ఆపేస్తోందన్నమాట. లినక్స్‌లో `sudo traceroute -T -p 443` వాడితే, వెబ్ ట్రాఫిక్ వెళ్లే పోర్టుకే ప్యాకెట్లు వెళ్తాయి కాబట్టి చాలాసార్లు చివరి దాకా చూపిస్తుంది.

ఒక నిజమైన కేసు మొదటి నుంచి చివరి దాకా చూపిస్తారా?

కొర్లగుంటలో ఉండే మా చెల్లెలు ఇంటి నుంచే పనిచేస్తుంది. వాళ్ల ఆఫీసు సర్వర్ ముంబైలో ఉంది. పగలు అంతా బాగుంటుంది. రాత్రి ఎనిమిది దాటాక కాల్‌లో మాటలు ముక్కలు ముక్కలుగా వస్తాయి, పదిన్నర తర్వాత మళ్లీ మామూలే. ప్రొవైడర్ మనిషి వచ్చి ఇంట్లో ఉన్న ఫైబర్ బాక్స్ మార్చాలన్నాడు. తనకు టెన్షన్ అయి నాకు ఫోన్ చేసింది.

ఇలాంటి చోట పింగ్, ట్రేస్‌రూట్ విడివిడిగా కాకుండా రెండూ కలిసిన `mtr` వాడతాను. అది ప్రతి హాప్‌కూ మళ్లీ మళ్లీ ప్యాకెట్లు పంపి సగటు తీస్తుంది. లాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపి, ఇంట్లో మిగతా ఫోన్లు వైఫై నుంచి తీయించి, రాత్రి తొమ్మిదికి ఇది నడిపాం:

```
mtr -rwn -c 300 198.51.100.200
```

వచ్చింది ఇది. మొదటి రెండు అడ్రస్‌లు తప్ప మిగతావి మార్చి, ఉదాహరణల కోసమే కేటాయించిన నంబర్లు పెట్టాను. సమయాలన్నీ మిల్లీసెకన్లలో ఉన్నాయి. `Snt` అంటే పంపిన ప్యాకెట్లు, `Avg` సగటు సమయం, `Best` అతి తక్కువ, `Wrst` అతి ఎక్కువ.

```
                   Loss%  Snt   Avg  Best   Wrst
1. 192.168.1.1      0.0%  300   0.6   0.4    2.1
2. 100.64.12.1      0.0%  300   3.1   2.4    9.8
3. 203.0.113.9      6.3%  300  38.2   5.1   92.4
4. 203.0.113.54    71.0%  300  44.7   7.9  118.0
5. 198.51.100.17    6.7%  300  42.5   8.8   97.3
6. 198.51.100.90    6.0%  300  60.1  26.9  114.6
7. 198.51.100.200   6.3%  300  60.8  27.2  115.0
```

కింది నుంచి చదువుదాం. గమ్యం దగ్గర 6.3% లాస్ ఉంది, కాబట్టి సమస్య నిజమే. పైకి వెళ్తే ఆరులో 6.0, ఐదులో 6.7. మూడు వందల ప్యాకెట్లలో ఒకటి రెండు అటూ ఇటూ అంతే, ఇవన్నీ ఒకే లాస్. నాలుగులో 71% ఉంది గానీ దాని కింద ఆరేడు శాతమే ఉంది కాబట్టి ఆ రౌటర్ కబుర్లకు పరిమితి పెట్టుకుందంతే. దాన్ని వదిలేయాలి. మూడులో 6.3. రెండులో సున్నా. అంటే లాస్ రెండో హాప్‌కూ మూడో హాప్‌కూ మధ్య మొదలై చివరి దాకా కొనసాగింది.

ఇప్పుడు ఆలస్యం సంగతి. ఇక్కడ `Avg` ఒక్కటే చూస్తే తప్పుదారి పడతాం. ఐదు నుంచి ఆరుకు 42 కాస్తా 60 అయ్యింది కాబట్టి అక్కడ కూడా ఏదో ఉందనిపిస్తుంది. పక్కన `Best` చూడండి: అది కూడా 8.8 నుంచి 26.9కి పెరిగింది. దారి ఖాళీగా ఉన్న క్షణంలో వెళ్లిన ప్యాకెట్‌కే పద్దెనిమిది ఎక్కువ పట్టిందంటే అది దూరం వల్ల వచ్చినది. చెన్నై నుంచి ముంబై దాకా ఉన్న ఫైబర్ అది. దాన్ని ఎవరూ తగ్గించలేరు.

`Avg` లోంచి `Best` తీసేస్తే మిగిలేది క్యూలో నిలబడ్డ సమయం. మొదటి రెండు హాప్‌ల దగ్గర అది ఒక మి.సె. కూడా లేదు. మూడో హాప్‌లో 33. ఐదులో 34, ఆరులో 33, ఏడులో మళ్లీ 34. మొత్తం దారిలో ఉన్న అదనపు ఆలస్యమంతా మూడో హాప్ ముందే పుట్టింది, ఆ తర్వాత చెప్పుకోదగ్గంత ఏమీ కలవలేదు. లాస్ మొదలైన చోటే ఆలస్యం కూడా మొదలైందంటే, అక్కడ లింకు నిండిపోయి క్యూ పెరుగుతోందని, క్యూ కూడా నిండినప్పుడు ప్యాకెట్లు పారేస్తున్నారని అర్థం.

మర్నాడు పొద్దున ఆరింటికి అదే కమాండ్ నడిపితే మూడో హాప్‌లో లాస్ సున్నా, సగటు 5.6. గమ్యం దగ్గర సగటు 27.9. తీగ పాడైతే పొద్దున కూడా పాడుగానే ఉండాలి. రాత్రి మాత్రమే వచ్చి పోయేది రద్దీ.

రెండో హాప్ అడ్రస్ 100.64తో మొదలవడం కూడా పనికొచ్చే గుర్తు. ప్రొవైడర్లు చాలా ఇళ్లను ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక పెట్టడానికి కేటాయించిన వరుస అది. అంటే రెండో హాప్ ప్రొవైడర్ సొంత పరికరమే. అక్కడి దాకా లాస్ లేదు, ఆలస్యం లేదు. అలాంటప్పుడు ఇంట్లో ఫైబర్ బాక్స్ మార్చి లాభమేముంది? ఆ బాక్సు, ఇంటికి వచ్చే తీగ రెండూ ఇంటికీ రెండో హాప్‌కూ మధ్యలోనే ఉన్నాయి, ఆ భాగం శుభ్రంగా ఉంది.

ఈ రెండు ఫలితాలూ పంపాక ప్రొవైడర్ దగ్గర నెట్‌వర్క్ చూసే ఇంజనీరు తిరుపతి నుంచి చెన్నై వైపు వెళ్లే వాళ్ల లింకు గ్రాఫ్ తీసి చూశాడు. రాత్రి ఎనిమిది నుంచి పదిన్నర దాకా గ్రాఫ్ ఒకే ఎత్తులో చదునుగా ఉందట. లింకు కెపాసిటీకి అదే హద్దు. ఆ లింకు పెంచాక రాత్రి తొమ్మిదికి మళ్లీ కొలిస్తే పొద్దుటి అంకెలే వచ్చాయి.

మూడో హాప్ ముందు సమస్య అంటున్నారు. అది వెళ్లే దారిలోనా, తిరిగొచ్చే దారిలోనా?

మంచి ప్రశ్న. పింగ్‌కు గానీ ట్రేస్‌రూట్‌కు గానీ ఆ తేడా తెలియదు. అవి చూపించేది రెండు వైపుల సమయం కలిపి. లాస్ కూడా అంతే, ప్రశ్న పోయినా బదులు పోయినా స్క్రీన్ మీద ఒకేలా ఉంటుంది.

పై కేసులో తిరిగొచ్చే వైపే రద్దీ ఉండి ఉంటుందని ముందే అనుకున్నాను. ఇళ్లలో రాత్రిపూట జరిగేది ఎక్కువగా వీడియోలు చూడడం. డేటా ప్రవాహమంతా చెన్నై నుంచి తిరుపతి వైపే. నిండేది మూడో హాప్ రౌటర్లో మన వైపుకున్న క్యూ.

ఇంకో చిక్కు కూడా ఉంది. ట్రేస్‌రూట్ చూపించే హాప్‌లన్నీ వెళ్లే దారిలోవి. తిరిగొచ్చే దారి అదే అయి ఉండాలని లేదు. తిరుమలకు ఎక్కే ఘాట్ రోడ్డు వేరు, దిగే ఘాట్ రోడ్డు వేరు అయినట్టు, పెద్ద నెట్‌వర్క్‌ల మధ్య ప్యాకెట్లు ఒక దారిన వెళ్లి ఇంకో దారిన రావడం మామూలే. ఐదో హాప్ నుంచి ఆలస్యం మొదలైనట్టు కనిపించినా, అసలు కారణం ఆ రౌటర్ నుంచి మీకు బదులు వచ్చే దారిలో, మీ జాబితాలో లేని ఇంకో లింకులో ఉండొచ్చు. దీన్ని తేల్చాలంటే అవతలి చివర నుంచి మీ వైపు కూడా `mtr` నడపాలి. సర్వర్ మీ ఆఫీసుదైతే అక్కడి ఐటీ వాళ్లను అడగండి. రెండు వైపుల ఫలితాలు పక్కపక్కన పెట్టుకుంటే చాలావరకు తేలిపోతుంది.

రెండో హాప్ దగ్గరే 400 మి.సె. వస్తోంది. వెంటనే ప్రొవైడర్‌కు ఫోన్ చేయనా?

ముందు ఇంట్లో ఎవరైనా ఏదైనా అప్‌లోడ్ చేస్తున్నారేమో చూడండి. పెళ్లి ఫొటోలు, వీడియోలు ఫోన్ నుంచి క్లౌడ్‌కు వెళ్తుంటే అప్‌లోడ్ దారి మొత్తం నిండిపోతుంది. ఆ క్యూ మీ ఇంటి రౌటర్లో బయటికి వెళ్లే వైపు పెరుగుతుంది. రౌటర్‌కు చేసిన పింగ్ మాత్రం ఒక మిల్లీసెకనే ఉంటుంది, ఎందుకంటే ఆ ప్యాకెట్ ఆ క్యూలోకి వెళ్లనే లేదు. దాంతో తప్పు రెండో హాప్‌ది అన్నట్టు కనిపిస్తుంది.

రెండో హాప్‌కు పింగ్ పెట్టి ఉంచి, ఇంట్లో వాళ్లందరినీ ఒక నిమిషం వైఫై ఆపమనండి. 400 కాస్తా వెంటనే 4 అయిపోతే విషయం తేలినట్టే. ప్లాన్ పెంచుకోవడం ఒక మార్గం. అంతకన్నా మెరుగైనది, రౌటర్లో ఎస్‌క్యూఎం లేదా స్మార్ట్ క్యూ అనే సదుపాయం ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితిని అసలు వేగంలో 90% దగ్గర పెట్టడం. అప్పుడు పెద్ద ఫైలు వెనక చిన్న ప్యాకెట్లు ఇరుక్కోవు.

ఇంట్లో అంతా ఆపేసినా, ఏ వేళ చూసినా రెండో హాప్ దగ్గర లాస్ ఉంటే అప్పుడు ఫైబర్ తీగను అనుమానించాలి. ఎక్కడో మరీ మడత పడి ఉంటుంది, లేదా జాయింట్ దెబ్బతిని ఉంటుంది. దాన్ని ప్రొవైడర్ మనిషి పవర్ మీటర్‌తో చూడాల్సిందే.

తిరుపతి నుంచి ఎంత పింగ్ ఉంటే మామూలు అనుకోవాలి?

ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు వెళ్తుంది. వెళ్లి రావడం కలిపి ప్రతి 100 కిలోమీటర్లకు ఒక మిల్లీసెకను. ఇది ఎవరూ దాటలేని హద్దు. తీగలు రోడ్లు, రైలు పట్టాల వెంబడి వంపులు తిరుగుతాయి కాబట్టి నిజంగా వచ్చేది దానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటుంది.

చెన్నై మనకు రోడ్డు మీద 135 కిలోమీటర్లు. మంచి కనెక్షన్‌లో అక్కడి సర్వర్‌కు 5 నుంచి 10 మి.సె. సరిపోతుంది. ముంబైకి 25 నుంచి 35. సింగపూర్‌కు చెన్నై నుంచే సముద్రం కింద కేబుళ్లు ఉన్నాయి, ఆ దారిన వెళ్తే 40 నుంచి 50. అమెరికాకు 200 దాటినా అది లోపం కాదు.

ఈ లెక్క దారిని అర్థం చేసుకోవడానికీ పనికొస్తుంది. తిరుపతిలో ఉన్న మీరు చిత్తూరులో ఉన్న స్నేహితుడి ఇంటికి పింగ్ చేస్తే, 70 కిలోమీటర్ల దూరానికి 20 మి.సె. రావచ్చు. ఇద్దరి ప్రొవైడర్లు వేరైతే ఆ రెండు నెట్‌వర్క్‌లు కలిసేది చెన్నైలోనో ముంబైలోనో కావొచ్చు, ప్యాకెట్ అంత దూరం వెళ్లి రావాలి. హాప్‌ల పేర్లు కనిపించేలా `-n` లేకుండా నడిపితే కొన్నిసార్లు పేర్లలో ఊరి గుర్తులుంటాయి. `maa` అంటే చెన్నై, `bom` అంటే ముంబై, `sin` అంటే సింగపూర్. ఇవి విమానాశ్రయాల కోడ్‌లు. పరికరం ఊరు మారినా పేరు మార్చని సందర్భాలుంటాయి కాబట్టి పేరునూ మిల్లీసెకన్లనూ కలిపి చూడండి. `sin` అని ఉండి పది మిల్లీసెకన్లే చూపిస్తే అది సింగపూర్ కాదు.

వరుసగా నాలుగు హాప్‌లకు ఒకే సమయం వస్తోంది. ఎలా?

పెద్ద ప్రొవైడర్లు తమ నెట్‌వర్క్ లోపల ఎంపీఎల్ఎస్ అనే పద్ధతిలో సొరంగాలు వేసుకుంటారు. సొరంగం మధ్యలో టీటీఎల్ తీరితే, కబురు చాలాసార్లు ముందు సొరంగం చివరి దాకా వెళ్లి అక్కడి నుంచి మీ వైపు తిరుగుతుంది. అందుకే మధ్యలోవన్నీ చివరి రౌటర్ సమయాన్నే చూపిస్తాయి. సొరంగంలోని మొదటి హాప్‌లోనే పెద్ద పెరుగుదల కనిపించినా తప్పు అక్కడే అనుకోకూడదు.

విండోస్‌లో `mtr` లేదు కదా?

`pathping -n` ఉంది. ముందు దారి కనుక్కుని, తర్వాత ప్రతి హాప్‌కూ వంద ప్యాకెట్లు పంపుతుంది. హాప్‌కు 25 సెకన్ల చొప్పున పడుతుంది కాబట్టి మధ్యలో ఆపేయకండి. బొమ్మలా కనిపించేది కావాలంటే విన్ఎంటీఆర్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, మా కస్టమర్లకు నేను పెట్టేది అదే.

ప్రొవైడర్‌కు ఏం పంపితే పని జరుగుతుంది?

సమస్య ఉన్న వేళ తీసిన ఒక `mtr`, లేని వేళ తీసిన ఇంకొకటి, రెండూ ఒకే గమ్యానికి, ల్యాన్ కేబుల్ మీద. ఫొటో కాకుండా అక్షరాల రూపంలో కాపీ చేసి పంపండి. తేదీ, సమయం, మీ కస్టమర్ నంబర్, మీ పబ్లిక్ ఐపీ అడ్రస్ రాయండి. కస్టమర్ కేర్‌లో ఫోన్ ఎత్తేవాళ్లకు ఇది అర్థం కాకపోవచ్చు, అది వాళ్ల తప్పు కాదు. "దయచేసి దీన్ని నెట్‌వర్క్ టీమ్‌కు పంపండి" అని ఒక వాక్యం చేర్చండి. "నాలుగో హాప్‌లో 71% లాస్" అని మాత్రం రాయకండి. తెలిసిన ఇంజనీరు ఆ ఒక్క మాట చూసి మిగతాది చదవకుండా పక్కన పెట్టేస్తాడు. "రెండో హాప్ శుభ్రంగా ఉంది, మూడో హాప్ నుంచి గమ్యం దాకా 6% లాస్, 33 మి.సె. అదనపు ఆలస్యం, రాత్రి 8 నుంచి 10.30 వరకు మాత్రమే" అని రాస్తే అతనికి ఏ లింకు చూడాలో వెంటనే తెలుస్తుంది.

పింగ్, ట్రేస్‌రూట్ రెండూ శుభ్రంగా ఉన్నాయి. అయినా ఒక్క సైట్ మాత్రం నెమ్మదిగా ఉంది. ఇప్పుడు?

దారి బాగుందని, సర్వర్ పని నెమ్మదిగా ఉందని అనుకోవచ్చు. దర్శనం టికెట్లు విడుదలయ్యే వేళ చూడండి, పింగ్ పది మిల్లీసెకన్లే ఉన్నా పేజీ తెరుచుకోదు. లక్షల మంది ఒకేసారి అడుగుతుంటే ఆలస్యమయ్యేది సర్వర్ లోపల. పింగ్‌కు బదులిచ్చేది సర్వర్ ముందున్న ఏదో పరికరమై ఉంటుంది, మీ పేజీ తయారుచేసే ప్రోగ్రామ్ కాదు.

ఇంకో అవకాశం కూడా ఉంది. పెద్ద లింకులు చాలాసార్లు ఒకే తీగ కాదు, పక్కపక్కనే ఉన్న కొన్ని తీగల కట్ట. ఏ కనెక్షన్ ఏ తీగ మీద వెళ్లాలన్నది అడ్రస్‌లు, పోర్టు నంబర్లు చూసి రౌటర్ నిర్ణయిస్తుంది. ఆ కట్టలో ఒక్క తీగ పాడైతే మీ పింగ్ మంచి తీగ మీద, మీ వీడియో కాల్ పాడైన తీగ మీద వెళ్తుండొచ్చు. ఒకే సైట్ ఒకసారి బాగా, మళ్లీ తెరిస్తే ఘోరంగా ఉండడం దీని లక్షణం. అలాంటప్పుడు `mtr --tcp -P 443` అని టీసీపీతో కొలవండి. పోర్టు నంబర్లు మారుతూ వెళ్లడం వల్ల ప్యాకెట్లు అన్ని తీగల మీదా పడతాయి, మామూలు పింగ్‌లో కనిపించని లాస్ ఇక్కడ బయటపడుతుంది.